పర్సనల్ లోన్ ముందే క్లోజ్ చేస్తే లాభమా, నష్టమా: మీ బాకీ, మిగిలిన నెలలతో లెక్క వేసుకునే పద్ధతి

"ఇంకో మూడు లక్షల నలభై వేలు బాకీ ఉంది, బోనస్ వచ్చింది, లోన్ క్లోజ్ చేద్దామంటే 4 శాతం చార్జీ అంటున్నారు, కట్టేయమంటారా?" కొంచెం అటూ ఇటూగా ఇదే ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. చార్జీ పదహారు వేలు అనగానే భయపడి కొందరు ఆగిపోతున్నారు. మిగిలే వడ్డీ డెబ్బై ఎనిమిది వేలు అని యాప్‌లో చూసి ఇంకొందరు వెంటనే కట్టేస్తున్నారు. ఇద్దరూ సగం లెక్కే వేస్తున్నారు.

పూర్తి లెక్కకు కావలసినవి నాలుగే అంకెలు: అసలు బాకీ, మిగిలిన ఈఎంఐల సంఖ్య, ఈఎంఐ మొత్తం, చార్జీ శాతం. కింద ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా తీసుకెళ్తాను, మీ అంకెలు పక్కన పెట్టుకుని చదవండి.

ఉదాహరణ ఇది. 5,00,000 రూపాయల లోన్, ఏడాదికి 14 శాతం ఫిక్స్‌డ్ వడ్డీ, 60 నెలలు, ఈఎంఐ 11,634. ఇప్పటికి 24 ఈఎంఐలు కట్టేశారు, 36 మిగిలాయి. ఫోర్‌క్లోజర్ చార్జీ 4 శాతం, దాని మీద జీఎస్టీ.

## 1. లెక్క మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- శాంక్షన్ లెటర్ లేదా లోన్ అగ్రిమెంట్. 2024 అక్టోబర్ 1 తర్వాత తీసుకున్న కొత్త రిటైల్ లోన్ అయితే 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం కూడా ఇచ్చి ఉంటారు.
- రీపేమెంట్ షెడ్యూల్, అంటే నెలనెలా అసలు ఎంత, వడ్డీ ఎంత అని ఉండే పట్టిక.
- ఇప్పటిదాకా కట్టినవి చూపించే లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్.
- ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ. ఫోన్‌లో ఉన్నా చాలు.

కాగితాల్లో ముందుగా మూడు విషయాలు వెతకండి. మొదటిది, వడ్డీ ఫిక్స్‌డా ఫ్లోటింగా. మన దగ్గర పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డే. కానీ మీది ఫ్లోటింగ్ అయి, 2026 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మంజూరైనదో రెన్యూ అయినదో అయితే, వ్యాపారం కోసం కాకుండా వ్యక్తిగా తీసుకున్న అప్పు మీద ముందుగా కట్టినందుకు చార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2025 జులైలో ఆదేశాలిచ్చింది. మీ లోన్ అలాంటిదైతే ఈ లెక్కలో చార్జీ సున్నా, సగం తలనొప్పి అక్కడే పోయినట్టు.

రెండోది లాకిన్. మొదటి ఆరు నెలలో పన్నెండు నెలలో క్లోజ్ చేయనివ్వమని చాలా అగ్రిమెంట్లలో రాసి ఉంటుంది. మూడోది చార్జీ శాతం, అది దేని మీద వేస్తారన్నది. ఎన్ని ఈఎంఐలు కట్టారన్న దాన్ని బట్టి ఈ శాతం మెట్లు మెట్లుగా తగ్గే లోన్లూ ఉన్నాయి, ఉదాహరణకు 24 నెలల లోపు 4, ఆ తర్వాత 3 అని. అలా ఉంటే మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకోండి, ఒక్కోసారి ఒక్క ఈఎంఐ ఆగితే శాతం పడిపోతుంది.

## 2. బాకీ అంకె సరైనదేనా?

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. యాప్‌లో 'ఇంకా కట్టాల్సింది 4,18,824' అని కనిపిస్తుంది. అది బాకీ కాదు. 36 ఈఎంఐలను 11,634తో గుణిస్తే వచ్చే మొత్తం, అందులో ఇంకా పుట్టని వడ్డీ కూడా ఉంది. క్లోజ్ చేయడానికి కావాల్సింది అసలు బాకీ, షెడ్యూల్‌లో 24వ ఈఎంఐ వరుసలో 'ప్రిన్సిపల్ అవుట్‌స్టాండింగ్' అని చివరి గడిలో ఉండే అంకె.

షెడ్యూల్ లేకపోతే మీరే తీయొచ్చు:

```
=PV(14%/12, 36, -11634)
```

ఇది 3,40,400 దగ్గర వస్తుంది (నేను కింద 3,40,402 వాడుతున్నాను). 36 అంటే మిగిలిన నెలలు, కట్టేసినవి కాదు.

దీన్ని తిరగేసి కూడా చూడండి, నా మాట వింటే ఇది తప్పకుండా చేయండి. మీకు బ్యాంకు చెప్పిన బాకీ, మిగిలిన నెలలు, ఈఎంఐ పెట్టి అసలు వడ్డీ రేటు ఎంతో తీయండి:

```
=RATE(36, -11634, 340402)*12
```

జవాబు 14 శాతం దగ్గర రావాలి (గడిని శాతంలోకి మార్చుకోండి, లేదంటే 0.14 అని చూపిస్తుంది). మీకు లోన్ ఇచ్చినప్పుడు '8 శాతమే సార్' అని చెప్పి ఇక్కడ 14 దాకా వస్తే, అప్పుడు చెప్పింది ఫ్లాట్ రేటు అన్నమాట. ఫ్లాట్ రేటులో తగ్గిపోయిన అసలు మీద కూడా మొదటి రోజు అప్పు మీద వేసినట్టే వడ్డీ వేస్తారు. మన లెక్కకు ఫ్లాట్ రేటు పనికిరాదు, ఈ RATE ఇచ్చిన అంకే మీ నిజమైన రేటు. రెండూ కాకుండా ఏదో వింత అంకె వస్తే మిగిలిన నెలల సంఖ్య తప్పయి ఉంటుంది, మధ్యలో ఎప్పుడైనా ఈఎంఐ వాయిదా పడి గడువు పెరిగిందేమో స్టేట్‌మెంట్‌లో చూడండి.

## 3. మిగిలే వడ్డీ ఎంత?

ఇది సులువు. మిగిలిన ఈఎంఐల మొత్తంలోంచి అసలు బాకీ తీసేస్తే చాలు.

- మిగిలిన ఈఎంఐలు: 36 × 11,634 = 4,18,824
- అసలు బాకీ: 3,40,402
- ఇక ముందు కట్టబోయే వడ్డీ: 78,422

ఎక్సెల్ అందుబాటులో లేనప్పుడు నోటి లెక్క ఒకటుంది. బాకీని నెల వడ్డీతో గుణించి, దాన్ని మిగిలిన నెలలకు ఒకటి కలిపి సగం చేసిన అంకెతో గుణించండి. మన ఉదాహరణలో 3,40,402 × 1.1667 శాతం × 18.5, సుమారు 73,500. అసలు అంకె కంటే కొంచెం తక్కువ చూపిస్తుంది. నెలలు తక్కువగా మిగిలితే ఇంకా దగ్గరగా వస్తుంది.

ఇక్కడే ఒక వాదన వినిపిస్తుంటుంది: 'వడ్డీ అంతా మొదట్లోనే లాగేసుకుంటారు, సగం గడువు అయ్యాక క్లోజ్ చేసినా ఉపయోగం లేదు' అని. మొదటి 24 నెలల్లో సుమారు 1,19,600 వడ్డీ పోయిన మాట నిజమే. కానీ అది మొదట్లో బాకీ పెద్దది కాబట్టి పోయింది, ఎవరో ముందే లాక్కున్నందుకు కాదు. ఈ రోజు మిగిలి ఉన్న 3,40,402 మీద మీరు కడుతున్నది ఇప్పటికీ 14 శాతమే. చార్జీయే లేకపోతే చివరి నెలలో క్లోజ్ చేసినా మిగిలిన ప్రతి రూపాయి మీద 14 శాతం లెక్కనే ఆదా. కాబట్టి పోయిన వడ్డీని పక్కన పెట్టేయండి, క్లోజ్ చేసినా చేయకపోయినా అది తిరిగి రాదు, లెక్కలోకి తేవద్దు.

ఆలస్యంగా క్లోజ్ చేస్తే లాభం పోవడానికి కారణం చార్జీ, దాని సంగతికి ఇప్పుడు వద్దాం.

## 4. చార్జీ మొత్తం ఎంత పడుతుంది?

4 శాతం అన్నది చివరి అంకె కాదు. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అంటే నిజానికి 4.72 శాతం. ఇలా గుర్తుపెట్టుకోండి: 2 శాతం అంటే 2.36, 3 అంటే 3.54, 5 అంటే 5.9.

- 3,40,402 మీద 4 శాతం: 13,616
- దాని మీద జీఎస్టీ: 2,451
- మొత్తం: 16,067

జీఎస్టీ చార్జీ మీదే, బాకీ మొత్తం మీద కాదు. చార్జీ కూడా మీరు ఇప్పుడు కట్టే అసలు మీదే పడాలి, మొదట తీసుకున్న 5,00,000 మీద కాదు. 5,00,000 మీద వేస్తే 23,600 అవుతుంది, ఏడున్నర వేలు తేడా. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇచ్చిన లోన్ అయితే అందులో లేని చార్జీని మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వేయకూడదు, ఆ కాగితం ఇక్కడ పనికొస్తుంది.

ఇప్పుడు మామూలుగా అందరూ వేసే లెక్క: 78,422 లోంచి 16,067 తీసేస్తే 62,355 లాభం. బాగానే ఉంది, కానీ ఇంకో మెట్టుంది.

## 5. అసలు తేల్చే లెక్క: చార్జీ కలిపాక మీ డబ్బుకు ఎంత శాతం వస్తోంది?

క్లోజ్ చేయాలంటే ఈ రోజే 3,56,469 (బాకీ, చార్జీ కలిపి) మీ చేతిలోంచి వెళ్లిపోతుంది. ఆ డబ్బు మీ దగ్గరే ఉంటే అది కూడా ఏదో సంపాదిస్తుంది కదా. పైగా 78,422 వడ్డీ ఈ రోజు కట్టేది కాదు, మూడేళ్ల మీద కొంచెం కొంచెంగా కట్టేది. ఈ రెండూ వదిలేసి 62,355 మిగిలిందనుకోవడం సరికాదు.

దీనికి చక్కటి దారి, ఇందాకటి RATE లోనే బాకీకి బదులు చార్జీతో కలిపిన మొత్తం పెట్టడం:

```
=RATE(36, -11634, 356469)*12
```

జవాబు సుమారు 10.8 శాతం. అంటే ఏమిటి? ఈ రోజు 3,56,469 పెట్టి మూడేళ్ల పాటు నెలకు 11,634 కట్టే పని తప్పించుకుంటున్నారు, ఆ పెట్టుబడి మీకు ఏడాదికి 10.8 శాతం ఇస్తోంది. రిస్క్ లేకుండా, పన్ను లేకుండా. లోన్ వడ్డీ 14 అయినా చార్జీ వల్ల మీకు దక్కేది 10.8.

ఇక ఈ అంకెను మీ డబ్బుకు ఇంకో చోట వచ్చే దానితో పోల్చండి. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతం వస్తోందనుకుందాం, మీరు 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి పన్ను పోగా చేతికొచ్చేది 4.8 శాతం. తేలిక కోసం 5 అనుకుందాం. 10.8 ఎక్కడ, 5 ఎక్కడ! క్లోజ్ చేయడమే మంచిది, సందేహం లేదు.

రూపాయల్లో చూడాలనిపిస్తే, ఆ 36 ఈఎంఐలూ డిపాజిట్ నుంచే తీసి కట్టాలంటే ఈ రోజు ఎంత ఉండాలో చూడండి:

```
=PV(5%/12, 36, -11634)
```

సుమారు 3,88,177. ఈఎంఐలు నడపడానికి 3,88,177 కావాలి, క్లోజ్ చేయడానికి 3,56,469 చాలు. తేడా 31,700 పైచిలుకు. ఈ రోజు విలువలో మీ అసలు లాభం ఇది, 62,355 కాదు. సగమే అయినా చిన్న మొత్తమేమీ కాదు.

ఒక్క షరతు. క్లోజ్ చేశాక నెలనెలా మిగిలే 11,634 ఎటో ఖర్చయిపోతే ఈ లాభం కాగితం మీదే ఉంటుంది. ఈఎంఐ పోయే తేదీకే ఆర్డీ పెట్టేసుకోండి.

## 6. అదే లోన్, పది నెలలే మిగిలి ఉంటే?

ఇప్పుడు అదే మనిషి, అదే లోన్, కానీ 50 ఈఎంఐలు కట్టేశాక డబ్బు చేతికొచ్చింది.

- అసలు బాకీ: 1,09,210
- మిగిలిన ఈఎంఐలు: 1,16,340
- మిగిలే వడ్డీ: 7,130
- చార్జీ జీఎస్టీతో: 5,155

మామూలు లెక్కలో 1,975 లాభం కనిపిస్తుంది. RATE లో 10, -11634, 114365 పెట్టి చూడండి, వచ్చేది 3.75 శాతం. మీ డిపాజిట్ పన్ను పోగా ఇచ్చే 5 కంటే ఇది తక్కువ. అంటే లాభం అని కనిపించిన చోట నిజానికి సుమారు 650 నష్టం. క్లోజ్ చేయకుండా ఈఎంఐలు అలాగే నడవనివ్వడం మేలు.

ఎందుకిలా? చార్జీ రెండు సందర్భాల్లోనూ బాకీలో 4.72 శాతమే. మూడేళ్లు మిగిలి ఉన్నప్పుడు ఆ 4.72 ముప్పై ఆరు నెలల మీద పరుచుకుంటుంది, పది నెలలే ఉన్నప్పుడు పది నెలల మీదే పడి మీకొచ్చే శాతాన్ని తినేస్తుంది.

మరి ఎన్ని నెలల దగ్గర లాభం పోతుంది? ఇలా తీయండి. లోన్ రేటులోంచి మీ డిపాజిట్ రేటు తీసేసి 12తో భాగించండి: 14లోంచి 5 పోతే 9, నెలకు 0.75. జీఎస్టీతో కలిపిన చార్జీని రెట్టింపు చేసి ఈ 0.75తో భాగించండి: 9.44ను 0.75తో భాగిస్తే 12.6. అందులోంచి ఒకటి తీసేస్తే 11.6, అంటే సుమారు 12 నెలలు. ఈ లోన్‌లో ఏడాది, అంతకంటే ఎక్కువ మిగిలి ఉంటేనే క్లోజ్ చేయడం గిట్టుబాటు, సరిగ్గా ఏడాది దగ్గర లాభం రెండు వందల చిల్లరే. చార్జీ 2 శాతమే అయితే ఆ గీత ఐదారు నెలల దగ్గరికి వస్తుంది.

గీతకు అటూ ఇటూ ఒకటి రెండు నెలల్లో ఉంటే తేడా వందల్లోనే ఉంటుంది, దానికి నిద్ర పాడు చేసుకోవద్దు. కొత్త హోమ్ లోన్‌కు అప్లై చేయబోతున్నారు, ఈఎంఐ భారం తగ్గితే అర్హత పెరుగుతుంది అనుకుంటే ఐదారు వందలు పోయినా క్లోజ్ చేయొచ్చు, అది మీ అవసరాన్ని బట్టి.

## 7. ఇంకో అప్పు తెచ్చి దీన్ని తీర్చాలనుకుంటే

'11 శాతానికి ఇస్తాం, మీ 14 శాతం లోన్ మాకు మార్చుకోండి' అని ఫోన్లు వస్తుంటాయి. మూడు శాతం తేడా వినగానే మనసు లాగుతుంది. కానీ పైన తీసిన అంకె గుర్తు చేసుకోండి: మన 36 నెలల కేసులో క్లోజ్ చేస్తే దక్కేది 10.8 శాతం. దానికోసం 11 శాతానికి అప్పు తెస్తే మొదటి అడుగులోనే నష్టం. ఆ పైన కొత్త లోన్ ప్రాసెసింగ్ ఫీజు 1.5 శాతం, జీఎస్టీ కలిపితే 6,300 దాకా పోతుంది, అన్నీ కలిపి సుమారు 7,400 నష్టం. అది కూడా గడువు అదే 36 నెలలు ఉంచితే. 'ఈఎంఐ తగ్గుతుంది సార్' అని 60 నెలలకు సాగదీస్తే మొత్తం మీద కట్టే వడ్డీ ఇంకా పెరుగుతుంది.

ఇంట్లో బంగారం పెట్టి గోల్డ్ లోన్ తెస్తే? 10 శాతానికి దొరికి, నెలనెలా అసలు కూడా కట్టుకుంటూ పోతే లాభం మూడేళ్లకు కలిపి ఈ రోజు విలువలో నాలుగు వేలు. అప్రైజర్ చార్జీలు తీస్తే ఇంకా తక్కువ. గోల్డ్ లోన్‌లో చాలామంది వడ్డీ కట్టి రెన్యూ చేస్తూ అసలు అలాగే ఉంచేస్తారు, అప్పుడు ఈ నాలుగు వేలూ ఉండవు, పైగా బంగారం వేలం భయం. నాలుగు వేల కోసం ఇంట్లో బంగారం తాకట్టు పెట్టమని నేనైతే చెప్పను.

చీటీ పాడి లోన్ కట్టేద్దామనుకునేవాళ్లు కూడా ఎక్కువే. పాటలో ఎంత తగ్గించి తీసుకున్నారన్నదే అక్కడి వడ్డీ. చేతికొచ్చే మొత్తం, ఇంకా కట్టాల్సిన నెలలు, డివిడెండ్ పోగా నెలకు సగటున కట్టే చీటీ, ఈ మూడూ అదే RATE లో పెట్టండి. వచ్చిన శాతం 10.8 కంటే తక్కువైతేనే ముందుకెళ్లండి. మొదటి నెలల్లో గట్టి పోటీలో పాడిన చీటీకి అది దాటే అవకాశం ఎక్కువ.

క్రెడిట్ కార్డు బాకీ తిరుగుతూ ఉంటే మాత్రం ఈ గొడవంతా తర్వాత, ముందు అది తీర్చండి. నెలకు మూడు శాతం దాటే అప్పు ముందు 10.8 లెక్క నిలవదు.

## 8. చార్జీ తగ్గించుకునే దారి

చాలా లోన్లలో పార్ట్ పేమెంట్‌కు వేరే నిబంధన ఉంటుంది. ఏడాదికోసారి బాకీలో 25 శాతం వరకు చార్జీ లేకుండా కట్టొచ్చు అని మీ అగ్రిమెంట్‌లో ఉందనుకుందాం. ముందు 85,100 పార్ట్ పేమెంట్‌గా కట్టి, ఆ తర్వాత మిగిలిన 2,55,302 క్లోజ్ చేస్తే చార్జీ 12,050 పడుతుంది, 16,067 కాదు. నాలుగు వేలు మిగిలింది.

కానీ ఒక వాక్యం వెతకండి: 'గత 12 నెలల్లో చేసిన పార్ట్ పేమెంట్లను కూడా కలిపి ఫోర్‌క్లోజర్ చార్జీ లెక్కిస్తాం' అనే అర్థం వచ్చేది. అది ఉంటే ఈ దారి పనిచేయదు, పన్నెండు నెలలు ఆగితే ఆ లోపు కట్టే వడ్డీయే ఎక్కువ.

పూర్తిగా క్లోజ్ చేసేంత డబ్బు లేనివాళ్లకు పార్ట్ పేమెంటే సరైన పద్ధతి. చార్జీ లేకపోతే ఆ డబ్బుకు పూర్తి 14 శాతం దక్కుతుంది, ఫోర్‌క్లోజర్ ఇచ్చే 10.8 కంటే మెరుగు. కట్టేటప్పుడు ఈఎంఐ తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని అడుగుతారు. ఆదా ఎక్కువ కావాలంటే గడువు తగ్గించమనండి. నెల గడవడం కష్టంగా ఉంటే ఈఎంఐ తగ్గించుకోండి, తప్పేం లేదు.

ఇంకో మాట, చేతిలో ఉన్నదంతా ఊడ్చి క్లోజ్ చేయకండి. మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే మిగిలింది లెక్కలోకి తీసుకోండి. క్లోజ్ చేసిన రెండో నెలలో ఆసుపత్రి ఖర్చొచ్చి మళ్లీ 16 శాతానికి కొత్త లోన్ తీసుకుంటే మొత్తం లెక్క తలకిందులవుతుంది.

## 9. అంకెలు కలవనప్పుడు ఏం చూడాలి?

లెక్క గిట్టుబాటు అని తేలాక బ్యాంకును ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడగండి. యాప్‌లో రావచ్చు, లేదంటే మెయిల్ చేయాలి. అది మీ లెక్కతో కలవకపోతే వెంటనే గొడవకు దిగకుండా వరుసగా ఇవి చూడండి:

- రోజు వడ్డీ: చివరి ఈఎంఐ తేదీ నుంచి క్లోజ్ చేసే రోజు వరకు. మన కేసులో రోజుకు సుమారు 130 రూపాయలు, పది రోజులైతే 1,300. ఇది న్యాయమైనదే.
- పాత బౌన్స్ చార్జీలు, ఆలస్య రుసుములు. ఎప్పుడో మర్చిపోయిన 590 ఇప్పుడు బయటపడుతుంది.
- చార్జీ శాతం: అగ్రిమెంట్‌లో ఉన్నదేనా, అసలు బాకీ మీదే వేశారా.
- ఈ నెల ఈఎంఐ మీరు కట్టినా ఖాతాలో ఇంకా జమ కాలేదా. బాకీ ఏడెనిమిది వేలు ఎక్కువ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.
- స్టేట్‌మెంట్ ఏ తేదీ వరకు చెల్లుతుంది.

చార్జీ అగ్రిమెంట్ కంటే ఎక్కువ వేశారని తేలితే ఆ పేజీ ఫోటో జత చేసి మెయిల్‌లో అడగండి, ఫోన్లో కాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు.

## 10. క్లోజ్ చేసే రోజు, ఆ తర్వాత

ఈఎంఐ కట్ అయి ఖాతాలో జమ అయ్యాక రెండు మూడు రోజుల్లో క్లోజ్ చేయడం అన్నిటికంటే తేలిక. రోజు వడ్డీ తక్కువ ఉంటుంది, అంకెలు షెడ్యూల్‌తో కలుస్తాయి. ఈఎంఐ తేదీకి నాలుగైదు రోజుల ముందు మాత్రం పెట్టుకోకండి, ఆటో డెబిట్ సూచన అప్పటికే మీ బ్యాంకుకు వెళ్లిపోయి ఉంటుంది, లోన్ క్లోజ్ అయినా 11,634 మళ్లీ కట్ అవుతుంది. తిరిగి వస్తుంది గానీ దానికోసం తిరగాలి.

- స్టేట్‌మెంట్‌లో ఉన్న మొత్తం పైసలతో సహా అదే కట్టండి. వంద తక్కువైనా లోన్ తెరిచే ఉంటుంది.
- యాప్‌లో 'ఫోర్‌క్లోజర్' అనే దారిలోనే కట్టండి. మామూలు పేమెంట్‌గా వేస్తే ముందస్తు ఈఎంఐగానో పార్ట్ పేమెంట్‌గానో జమ కావచ్చు.
- రసీదు, నో డ్యూస్ సర్టిఫికెట్, సున్నా బాకీ చూపే స్టేట్‌మెంట్, మూడూ తీసుకోండి.
- మీ బ్యాంకులో ఆటో డెబిట్ మాండేట్ రద్దు చేయించండి. సర్టిఫికెట్ చేతికొచ్చాకే, ముందు కాదు.
- లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ అంటగట్టి ఉంటే, మిగిలిన కాలానికి ప్రీమియం వాపసు వస్తుందేమో రాతపూర్వకంగా అడగండి. పాలసీని బట్టి కొంత రావచ్చు.

నెలన్నర ఆగి క్రెడిట్ రిపోర్టు తీయండి. ఆ లోన్ ఎదురుగా 'క్లోజ్డ్' అని, బాకీ సున్నా అని ఉండాలి. 'సెటిల్డ్' అని పడితే మాత్రం ఊరుకోవద్దు. అది పూర్తిగా కట్టలేక బేరమాడుకుని తీర్చిన అప్పుకు వాడే మాట, తర్వాత లోన్ ఇచ్చేవాళ్లు వెనక్కి తగ్గుతారు. నో డ్యూస్ సర్టిఫికెట్ జత చేసి లోన్ ఇచ్చిన సంస్థకూ, క్రెడిట్ బ్యూరో వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్ విభాగంలోనూ ఒకేసారి పెట్టండి, సరిచేశాక రిపోర్టు మళ్లీ డౌన్‌లోడ్ చేసి ఆ సర్టిఫికెట్‌తో పాటే దాచుకోండి.